స్పోర్ట్స్ అకాడమీకి కోచ్ సిఫార్సు లేఖ ఎలా రాయాలి

జిల్లా మీట్ అయిన వారానికి ఎవరో ఒక తండ్రి గ్రౌండ్ గేటు దగ్గర నిలబడి ఉంటాడు. చేతిలో ఏదో అకాడమీ దరఖాస్తు ఉంటుంది. "సార్, కోచ్ లెటర్ కూడా పెట్టమన్నారు, రెండు ముక్కలు రాసివ్వండి" అంటాడు. మనం నిజంగానే రెండు ముక్కలు రాస్తాం. క్రమశిక్షణ గల విద్యార్థిని, కష్టపడే తత్వం, ఉజ్వల భవిష్యత్తు ఉంది, అవకాశం ఇవ్వగలరు. కింద సంతకం, స్కూల్ స్టాంపు. నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను.

తర్వాత రెండు సీజన్లు ఒక రెసిడెన్షియల్ అకాడమీ సెలక్షన్లలో సాయంగా కూర్చున్నాను. ఫైళ్లు చదివే పని నాకు ఇచ్చారు. అలాంటి ఉత్తరాలు మధ్యాహ్నం లోపే పాతిక చదివితే ఒక్కటీ గుర్తుండదు. పేరు తీసేస్తే ఎవరి ఉత్తరం ఎవరికైనా సరిపోతుంది. అప్పుడు తెలిసింది నాకు, అకాడమీ కోచ్ ఆ కాగితంలో దేని కోసం వెతుకుతాడో. ఇవాళ ఈ పాప ఎంత వేగంగా పరిగెత్తగలదో ట్రయల్స్‌లో ఆయన స్టాప్‌వాచే చెబుతుంది. ఆ టైమింగ్‌కి ఎన్ని నెలలు పట్టింది, ఏ నేల మీద వచ్చింది, ఎంత శిక్షణతో వచ్చింది, మధ్యలో ఏం అడ్డొచ్చింది అన్నది మాత్రం మీకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగేళ్లు గట్టిగా శిక్షణ పొంది 400 మీటర్లు 63 సెకన్లలో పరిగెత్తే అమ్మాయి కంటే, ఏడాదిన్నర మామూలు శిక్షణతో 64కి వచ్చిన అమ్మాయి మీదే ఆయన కన్ను ఎక్కువసేపు ఆగుతుంది. ఆ తేడా చూపించడమే మీ ఉత్తరం పని.

నేను ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి కోసం రాసిన ఉత్తరాన్ని పట్టుకుని ఇదంతా చెబుతాను. 400 మీటర్ల రన్నర్. పేరు అవసరం లేదు.

ముందు, ఉత్తరం ఎక్కడ పనికొస్తుందో చూసుకోండి

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతి ప్రవేశానికి ఉత్తరం మోసుకెళ్లి లాభం లేదు. అక్కడ ఎత్తు, బరువు చూస్తారు, 30 మీటర్ల పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్ల లాంటి పరీక్షలు పెడతారు, మార్కులు వేస్తారు. పిల్లకి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. శిక్షణ చరిత్ర అంటూ ఏమీ ఉండదు కాబట్టి కోచ్ మాటకి చోటూ ఉండదు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చి ఏదో ఒక ఈవెంట్‌లో నిలదొక్కుకున్న పిల్లల్ని తీసుకునే అకాడమీల్లో, ముఖ్యంగా దరఖాస్తులోనే ప్రస్తుత కోచ్ వివరాలు అడిగేచోట, ఈ కాగితం చదువుతారు. అక్కడ కూడా ఉత్తరం చూసి సీటు ఇవ్వరు. ట్రయల్స్‌కి పిలవాలా వద్దా అన్నప్పుడు, ట్రయల్స్ అయ్యాక ఒకే టైమింగ్‌లో ఇద్దరు ముగ్గురు మిగిలినప్పుడు అది తీస్తారు.

కలం పట్టేముందు నోట్‌బుక్ తీయండి

గుర్తున్నది రాస్తే మంచి రోజులే గుర్తొస్తాయి. హాజరు రిజిస్టర్, మీరు టైమింగ్‌లు రాసుకునే నోట్‌బుక్, మీట్ సర్టిఫికెట్లు, ఎత్తు, బరువు రాసిన కాగితం ముందు పెట్టుకోండి. ఎత్తు ఎప్పుడూ కొలవకపోతే ఇవాళే గోడకి గీత గీసి కొలవండి. స్కూల్ రికార్డులో జూన్‌లో రాసిన ఎత్తు ఉంటుంది, దానితో పోల్చవచ్చు.

మా అమ్మాయి నోట్‌బుక్‌లో తేలింది ఇదీ. గతేడాది జూన్‌లో గ్రౌండ్‌కి వచ్చింది. ఈ ఏడాది అక్టోబర్‌కి పదహారు నెలలు. వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటంబావు. మొత్తం 236 సెషన్లు జరిగితే 205 వచ్చింది. రాని 31లో 14 ఫిబ్రవరిలో మిరప కోతలప్పుడువి. ఆ ఇంట్లో ఆ మూడున్నర వారాలు అందరూ చేలోనే ఉంటారు. ఈ లెక్క తీసేదాకా ఆ అమ్మాయి సరిగ్గా రాదనే నా మనసులో ఉండేది. కోతల రోజులు పక్కన పెడితే ఆమె కంటే ఎక్కువ వచ్చినవాళ్లు మా గ్రౌండ్‌లో ఇద్దరే.

టైమింగ్ రాసేటప్పుడు పరువు పోకుండా

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయికి 400 మీటర్లు 53.5 అని రాసి పంపాను. అకాడమీ సింథటిక్ ట్రాక్ మీద వాడికి 55.4 వచ్చింది. వాడు ఏడుస్తూ ఫోన్ చేశాడు. అక్కడి కోచ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. ఇంటికొచ్చి స్కూల్ ట్రాక్ టేపు పెట్టి కొలిస్తే, 200 మీటర్లు అనుకున్న రౌండు 194 ఉంది. ఏటా ఆగస్టు పదిహేనుకి పాత గీత లోపలి వైపు సున్నం వేస్తూ పోతే ట్రాక్ చిక్కిపోయింది. రెండు రౌండ్లకి పన్నెండు మీటర్లు తక్కువ. ఆ వేగంలో పన్నెండు మీటర్లంటే సెకనున్నర పైమాటే.

అందుకని ఉత్తరానికి ముందు ట్రాక్ కొలవండి. గట్టు లేకుండా సున్నం గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో దూరాన్ని గీత మీద కొలవరు, గీతకి 20 సెంటీమీటర్లు బయట కొలుస్తారు. గట్టు ఉంటే 30 సెంటీమీటర్లు. వంపు మీద టేపు సరిగ్గా కూర్చోదు కాబట్టి వ్యాసార్ధం కొలవడం తేలిక. రెండు నిటారు వైపులూ నలభై నలభై మీటర్లుంటే, రెండు వంపులూ కలిపి 120 రావాలి. దానికి వంపు కేంద్రంలో మేకు కొట్టి గీత దాకా తాడు లాగితే 18.90 మీటర్లు ఉండాలి. మా గ్రౌండ్‌లో 17.95 వచ్చింది. ఒక మీటరు కూడా తేడా లేదు కదా అనిపిస్తుంది, కానీ రౌండుకి ఆరు మీటర్లు మింగేసింది.

రెండోది, చేతి గడియారం. మీట్‌లో ఎలక్ట్రానిక్ టైమింగ్ లేకపోతే ఉత్తరంలో "చేతి టైమింగ్" అని రాయండి. చేత్తో తీసిన 100, 200 మీటర్లకి 0.24 సెకను, 400 మీటర్లకి 0.14 కలిపి చూసుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. ఆ కూడిక అవతలివాళ్లు చేసుకుంటారు, మీరు చేయకండి. వాచ్‌లో 64.21 కనబడితే 64.3 అని రాయాలి, 64.2 అని కాదు. చేతి టైమింగ్‌ని ఎప్పుడూ పైకే సవరిస్తారు. ఇక 100 మీటర్ల విషయంలో మన గ్రౌండ్లలో జరిగే పెద్ద పొరపాటు విజిల్ విని వాచ్ నొక్కడం. శబ్దం వంద మీటర్లు ప్రయాణించి మీ దగ్గరికి రావడానికే దాదాపు 0.3 సెకను పడుతుంది. మీ పిల్లవాడి 12.3 అసలు 12.6. స్టార్టర్ చెయ్యి దించడమో, జెండా ఊపడమో చూసి నొక్కాలి.

ప్రతి టైమింగ్ పక్కనా మూడు విషయాలుండాలి: తేదీ, నేల, టైమింగ్ ఎలా తీశారు. స్థానం రాస్తే ఎంతమందిలో అన్నది కూడా రాయండి. "జిల్లాలో మూడో స్థానం" అన్నది నలుగురిలోనా, పద్దెనిమిది మందిలోనా అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఒక్క టైమింగ్ కాదు, రెండు సగాలు చూపించండి

400 మీటర్ల పిల్లల గురించి రాసేటప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మొదటి 200, రెండో 200 విడివిడిగా తీసి పెట్టుకుంటే ఆ రెండంకెల్లోనే ఆ పిల్ల పరిగెత్తే తీరు కనబడుతుంది.

మా అమ్మాయికి గతేడాది జూలైలో 71.4 వచ్చింది. మొదటి సగం 31.0, రెండో సగం 40.4. అంటే బడి గంట కొట్టినట్టు బయల్దేరి, చివరి వంపులో చేతులు మెడ దాకా లేచిపోయి, నడకలాంటి పరుగుతో ముగించింది. మొన్న అక్టోబర్‌లో రాష్ట్ర స్థాయి స్కూల్ గేమ్స్‌లో, సింథటిక్ మీద, ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో 63.71. నేను గ్యాలరీలోంచి తీసిన సగాలు 30.2, 33.5. మొదటి సగంలో బాగుపడింది ఒక సెకను కూడా లేదు. బాగుపడిందంతా రెండో సగంలోనే, దాదాపు ఏడు సెకన్లు. రెండు సగాల తేడా 9.4 నుంచి 3.3కి వచ్చింది. బాగా శిక్షణ పొందిన 400 మీటర్ల వాళ్లకి ఆ తేడా రెండు మూడు సెకన్లు ఉంటుంది.

దీన్నుంచి అకాడమీ కోచ్‌కి రెండు విషయాలు అర్థమవుతాయి. పిల్ల రేసు పంచుకోవడం నేర్చుకుంది, ఓర్పు పెరిగింది. అలాగే అసలు వేగం మీద ఇంకా ఎవరూ పెద్దగా పనిచేయలేదు, ఆ తలుపు మూసే ఉంది. "ప్రతిభ గల" అని పదిసార్లు రాసినా ఇంత చెప్పలేం.

లాంగ్ జంప్ అయితే ఆరు ప్రయత్నాల్లో ఎన్ని ఫౌల్ అయ్యాయో, రన్‌అప్ ఎన్ని అడుగులో రాయండి. కబడ్డీ, వాలీబాల్ లాంటి జట్టు ఆటలైతే ఏ స్థానంలో ఆడతాడో, ఒత్తిడిలో ఏ తప్పు తిరిగి తిరిగి చేస్తాడో రాయండి. సూత్రం ఒకటే కాబట్టి వాటి లోతుకి వెళ్లను.

ఎంత శిక్షణ ఇచ్చారో, ఏది ఇవ్వలేదో

చాలామంది కోచ్‌లు ఇక్కడ గొప్పలు పోతారు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, ఆదివారాలు కొండ పరుగు అని రాస్తారు. తమ కష్టం కనబడాలని. దానివల్ల పిల్లకే నష్టం. అంత చేసి వచ్చింది ఇంతేనా అనుకుంటారు.

ఉన్నదున్నట్టు రాయండి. వారానికి నాలుగు రోజులు, అందులో రెండు రోజులే వేగం పని, ఎక్కువలో ఎక్కువ 150 మీటర్లు ఆరుసార్లు. బరువులు ఎత్తించలేదు. స్టార్టింగ్ బ్లాక్స్ మా స్కూల్లో లేవు, రాష్ట్ర మీట్‌లోనే మొదటిసారి వాటి మీద కాలు పెట్టింది. స్పైక్స్ అక్కడే ఇంకో అమ్మాయివి అడిగి వేసుకుంది, అర సైజు పెద్దవి. సింథటిక్ మీద పరిగెత్తింది ఆ ఒక్క మీట్‌లోనే. ఇవన్నీ రాయడానికి మొదట్లో నాకు సిగ్గేసింది, మన స్కూల్ పేదరికం చాటుకోవడమేగా అని. ఫైళ్లు చదివే వైపు కూర్చున్నాక తెలిసింది, ఇవే ఆ అమ్మాయికి దన్ను.

ఆరోగ్యం: దాస్తే పిల్లకే దెబ్బ

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆమె టైమింగ్ 68 దగ్గర ఆగిపోయింది. బద్ధకం అనుకుని నాలుగుసార్లు అరిచాను. రెండో రౌండ్‌లో మెట్లెక్కిన ముసలమ్మలా ఆయాసపడేది. మార్చిలో పీహెచ్‌సీకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6. ఆ వయసు అమ్మాయికి 12 ఉండాలి. మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడాక జూన్‌లో 12.2. అదే నెల టైమింగ్ 65.9. ఆ రెండు సెకన్లలో నా కోచింగ్ ఎంతో, మాత్రల పని ఎంతో చెప్పలేను. మాత్రలదే ఎక్కువని నా అనుమానం.

రెండోది ఆగస్టులో. వానలకి నల్లరేగడి గ్రౌండ్ బురదైపోతే ఊరి తారు రోడ్డు మీద పరిగెత్తించాను. రెండు వారాలకి ఎడమ కాలు మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి. నా పొరపాటే. మూడు వారాలు పరుగు ఆపించాం, తగ్గింది.

ఇవి ఉత్తరంలో రాయాలా? కాలి నొప్పి తప్పకుండా రాయాలి. ఇక్కడ వారానికి నాలుగు సెషన్లు చేసే పిల్ల అక్కడ తొమ్మిదో పదో చేస్తుంది. ఎముక ముందే ఒకసారి మూలిగిందని వాళ్లకి తెలియకపోతే, నొప్పి కాస్తా ఎముకలో సన్న చీలిక దాకా వెళుతుంది, సీజన్ మొత్తం పోతుంది. అలా ఇంటికి తిరిగొచ్చిన పిల్లల్ని చూశాను. రక్తహీనత లాంటివి మాత్రం ఇంటివాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే ఒక్క వాక్యంలో రాయండి. నేను వాళ్లమ్మని అడిగాను. "మాత్రలు అక్కడా ఇస్తారా సార్?" అంది. అందుకైనా రాయాలి కదా అనిపించింది. ఆడపిల్లల నెలసరి సంగతులు ఉత్తరంలో వద్దు. అది ఆ అమ్మాయి, వాళ్లమ్మ అక్కడి డాక్టర్‌కి నేరుగా చెప్పుకునే విషయం.

వయసు దగ్గర కాస్త గట్టిగా ఉండండి

పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, స్కూల్ రికార్డులో ఒకటే ఉందో లేదో మీ కళ్లతో చూశాకే ఉత్తరంలో రాయండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించుకోమనండి, ఉత్తరం తర్వాత. వయసు మోసాల మీద కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. అనుమానం వస్తే ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక ఎదుగుదల చూస్తారు. బడిలో చేర్పించినప్పుడు అయ్యవారు నోటికొచ్చిన తేదీ వేసిన రోజుల వాసన ఇంకా పూర్తిగా పోలేదు, ప్రతి తేడా మోసం కాదు. కానీ తెలిసి తెలిసి రెండేళ్లు తగ్గించారని మీకు తెలిస్తే సంతకం పెట్టకండి. తండ్రి అలుగుతాడు, అలగనివ్వండి.

గుణం గురించి ఒక్క సంఘటన చాలు

విశేషణాలు తీసేసి, మీరు చూసిన ఒక పని రాయండి. కాలు నొప్పితో మూడు వారాలు పరుగు లేనప్పుడు ఈ అమ్మాయి పన్నెండు సెషన్లకీ వచ్చింది. నా స్టాప్‌వాచ్ తీసుకుని మిగతావాళ్లకి సగాలు తీసింది, నోట్‌బుక్‌లో రాసింది. పదో రోజున "సార్, అందరూ మూడో వందలోనే పడిపోతున్నారు" అంది. ఆ మాట నేను నేర్పలేదు. అది రాస్తే చాలు, క్రమశిక్షణ అన్న మాట విడిగా అక్కర్లేదు.

హాస్టల్ అకాడమీ అయితే ఇంకోటి రాయండి, పిల్ల ఇంటికి దూరంగా ఎన్ని రాత్రులు ఉందో. చేరిన మొదటి నెలల్లో పిల్లలు వెనక్కి రావడానికి టైమింగ్ కంటే బెంగే కారణం అవుతుంది. ముందే తెలిస్తే వార్డెన్ ఒక కన్నేసి ఉంచుతుంది.

ఇప్పుడు ఉత్తరం

ఒక పేజీ దాటొద్దు. స్కూల్ లెటర్‌హెడ్ మీద రాస్తే హెడ్‌మాస్టర్ సంతకం కూడా తీసుకోండి. ఆ పిల్ల మీ బంధువైతే మొదటి పేరాలోనే చెప్పేయండి, తర్వాత తెలిస్తే మొత్తం ఉత్తరం తేలిపోతుంది. నేను పంపింది దాదాపు ఇలా ఉంది:

> అథ్లెటిక్స్ చీఫ్ కోచ్ గారికి,
>
> విషయం: కుమారి ........, 9వ తరగతి, 400 మీటర్ల పరుగు – ప్రవేశ దరఖాస్తు గురించి.
>
> నేను ఈ పాఠశాలలో పదకొండేళ్లుగా ఫిజికల్ డైరెక్టర్‌ని. ఈ విద్యార్థినికి గత 16 నెలలుగా నేనొక్కడినే శిక్షణ ఇస్తున్నాను. ఆమె నాకు బంధువు కాదు. పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, పాఠశాల రికార్డులో ఒకటే ఉన్నట్టు స్వయంగా చూశాను.
>
> మొదటి టైమింగ్: 71.4 (జూలై, మట్టి ట్రాక్, చేతి టైమింగ్, సగాలు 31.0, 40.4). జిల్లా మీట్: 64.3 (సెప్టెంబర్, మట్టి ట్రాక్, చేతి టైమింగ్, 14 మందిలో మూడో స్థానం). రాష్ట్ర మీట్: 63.71 (అక్టోబర్, సింథటిక్, ఎలక్ట్రానిక్, హీట్‌లో 8 మందిలో ఐదో స్థానం, ఫైనల్‌కి చేరలేదు, సగాలు 30.2, 33.5, నేను చేత్తో తీసినవి). ఈ కాలంలో ఎత్తు 149 నుంచి 155 సెంటీమీటర్లకి పెరిగింది.
>
> శిక్షణ వారానికి నాలుగు రోజులు, రోజుకి 75 నిమిషాలు. బరువుల శిక్షణ ఇవ్వలేదు. బ్లాక్స్, సింథటిక్ ట్రాక్ అనుభవం ఒక్క మీట్‌కే పరిమితం. జరిగిన 236 సెషన్లలో 205కి హాజరైంది. రాని రోజుల్లో 14 కుటుంబ వ్యవసాయ పనుల వల్ల.
>
> ఆగస్టులో తారు రోడ్డు మీద పరుగు వల్ల ఎడమ కాలి ముందు ఎముక నొప్పి వచ్చింది. మూడు వారాల విశ్రాంతితో తగ్గింది, మళ్లీ రాలేదు. మార్చిలో హిమోగ్లోబిన్ 9.6 ఉంటే చికిత్స తర్వాత 12.2కి వచ్చింది (తల్లి అనుమతితో రాస్తున్నాను).
>
> బలహీనతలు: స్టార్ట్ నెమ్మది. వంపులో కుడి భుజం బయటికి తిరుగుతుంది. ఇంటికి దూరంగా మీట్ కోసం మూడు రాత్రులు తప్ప ఎప్పుడూ ఉండలేదు.
>
> విశ్రాంతిలో ఉన్న మూడు వారాలూ ప్రతి సెషన్‌కీ వచ్చి తోటివారి టైమింగ్‌లు తీసింది. అందరూ మూడో వంద మీటర్లలో వెనకబడుతున్నారని తానే గమనించి నాకు చెప్పింది.
>
> పదకొండేళ్లలో 400 మీటర్లకి నేను తయారుచేసిన సుమారు నలభై మంది అమ్మాయిల్లో ఇంత తక్కువ శిక్షణతో ఇంత మెరుగుపడింది ఈమె ఒక్కతే. ఇక్కడ నేను ఇవ్వగలిగింది దాదాపు అయిపోయింది. వేగం మీద పని జరగాలి. దానికి తగిన ట్రాక్, బ్లాక్స్ మా దగ్గర లేవు.
>
> సంతకం, అర్హతలు, ఫోన్ నంబర్, తేదీ

చివరి పేరా చూడండి. "అందరికంటే మేటి" అనలేదు. నలభై మందిలో, ఒక్క విషయంలో, అన్నాను. పోలిక రాసినప్పుడు ఎవరితో, ఎంతమందితో అన్నది లేకపోతే అది పొగడ్తే. బలహీనతలు కూడా సరిదిద్దదగ్గవే రాయండి, అవతలి కోచ్ చదవగానే "ఇది నా చేతిలో పని" అనుకునేలాంటివి. "బలహీనతలు ఏమీ లేవు" అని రాస్తే, మీరు ఆ పిల్లని సరిగ్గా చూడలేదని అర్థం.

బయటి రాష్ట్రం అకాడమీకైతే ఇంగ్లిష్‌లో పంపాలి. ముందు తెలుగులో రాసుకుని, మీ ఇంగ్లిష్ సార్‌తో మార్పించుకోండి, కానీ అచ్చులో పెట్టేముందు అంకెలన్నీ మీరే ఒకసారి సరిచూడండి. మా సార్ ఒకసారి అడగకుండానే మట్టిలో మాణిక్యం అని ఒక వాక్యం చేర్చారు, బతిమాలి తీయించాను. వాట్సాప్‌లో తిరిగే నమూనా ఉత్తరాల జోలికి పోకండి. సెలక్షన్ ఫైళ్లలో ఒకే జిల్లా నుంచి వచ్చిన మూడు ఉత్తరాల్లో రెండో పేరా అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉంది. ఒక అమ్మాయి ఉత్తరంలో "ఇతను" అని కూడా మిగిలిపోయింది.

ఉత్తరంతోపాటు మీట్ ఫలితాల కాపీలు పెట్టండి. వీడియో అడిగితే 400 మొత్తం ఒకే షాట్‌లో, ఫోన్ అడ్డంగా పట్టుకుని, మైదానం మధ్యలో నిలబడి పిల్లతోపాటు తిరుగుతూ తీయండి. పాట, స్లో మోషన్ వద్దు. అందులోంచి వాళ్లు టైమింగ్ కొలుచుకుంటారు.

పంపిన ఉత్తరం కాపీ ఒకటి మీ నోట్‌బుక్‌లోనే పెట్టుకోండి, ఎందుకంటే ఫోన్ వస్తుంది. నాకు పదిహేను రోజులకి వచ్చింది, స్కూల్ ప్రార్థన జరుగుతుండగా. ఆయన టైమింగ్‌ల గురించి ఏమీ అడగలేదు. ఎముక నొప్పి ఎక్కడ మొదలైంది, కాలు నొక్కితే ఒక్క చోటే నొప్పి ఉండేదా, పొడవునా ఉండేదా, ఏ బూట్లు వేసుకునేది అని అడిగారు. పొడవునా ఉండేదని, అడుగు అరిగిన కాన్వాస్ బూట్లని చెప్పాను. "అయితే ట్రయల్స్‌కి పంపండి. తీసుకుంటే మొదటి ఆరు వారాలు గడ్డి మీదే పరిగెత్తిద్దాం" అన్నారు.